మొత్తాలు సరిపోయినా తూకం తప్పే బ్లూప్రింటు

ప్రశ్న: "గాజువాక దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. మొదటి టర్మ్ చివరి పరీక్షకు 50 మార్కుల పేపరు, రెండు గంటల సమయం, ఆరు అధ్యాయాలు. ఈసారి పేపరుతో పాటు బ్లూప్రింటు కూడా ఇవ్వమన్నారు. అధ్యాయాల వారీగా, స్థాయిల వారీగా కలిపి చూస్తే మార్కులు సరిపోతున్నాయి. కానీ పేపరు చదివితే ఎందుకో ఒక పక్కకు ఒరిగినట్టు అనిపిస్తోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను సర్?"

సమాధానం:

మీ అనుమానం సరైనదేనండీ. పట్టిక అంచుల్లో ఉండే మొత్తాలు సరిపోవడం వేరు, పట్టిక లోపలి గళ్లలో మార్కులు సరిగ్గా పడటం వేరు. విశ్లేషణకు పది మార్కులు కేటాయించి ఆ పదీ త్రిభుజాల్లోనే పెట్టినా స్థాయిల మొత్తం సరిపోతుంది, అధ్యాయాల మొత్తమూ సరిపోతుంది. అయితే ఆ పేపరులో బీజగణితమంతా బట్టీతో గట్టెక్కే వ్యవహారంగా, ఆలోచించవలసినదంతా రేఖాగణితంగా మిగులుతుంది. రేఖాగణితం అంతగా రాని పిల్లవాడికి ఆలోచన చూపించే అవకాశమే ఆ పేపరులో ఉండదు.

నేను ఈ పొరపాటును విశాఖలోనే ఒక పాఠశాలలో పనిచేస్తున్న రోజుల్లో స్వయంగా చేశాను. ఉన్నత స్థాయి మార్కులన్నీ త్రిభుజాల నిరూపణలకు ఇచ్చి, ప్రశ్నల్లో ABC బదులు PQR అని అక్షరాలు మార్చి, ఇక అది కొత్త ప్రశ్నే అయిపోయిందని సంతృప్తి పడ్డాను. జవాబు పత్రాలు దిద్దుతూ ఉంటే మంచి మార్కులు వచ్చిన వాళ్లలో చాలామంది ప్రశ్నలో PQR ఉన్నా జవాబును ABC అక్షరాలతోనే రాశారని కనిపించింది. వాళ్లు నా ప్రశ్నకు జవాబు రాయలేదు, నోట్సులోని నిరూపణను దించేశారు. నేను విశ్లేషణ అని పేరు పెట్టుకున్న మార్కులు నిజానికి జ్ఞాపకశక్తికి వెళ్లిపోయాయి.

కనుక బ్లూప్రింటు వేసేటప్పుడు రెండు పనులు జాగ్రత్తగా చేయాలి. ఒకటి, అధ్యాయాన్నీ స్థాయినీ కలిపి గడి గడికీ మార్కులు నిర్ణయించడం. రెండవది, ప్రశ్న స్థాయిని దాని రూపం చూసి కాకుండా మీ తరగతి పిల్లలు అంతకుముందు ఏం చూశారో దాన్ని బట్టి నిర్ణయించడం.

ముందు అధ్యాయాల భారత్వం సంగతి చూద్దాం. మీ పీరియడ్ల సంఖ్య మీరు రాయలేదు గనుక నేను ఒక లెక్క అనుకుంటున్నాను. సంఖ్యా వ్యవస్థకు 14, బహుపదులకు 16, నిరూపక రేఖాగణితానికి 6, రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాలకు 10, రేఖలు–కోణాలకు 9, త్రిభుజాలకు 15, మొత్తం 70 పీరియడ్లు. ప్రతి అధ్యాయపు పీరియడ్లను 50తో గుణించి 70తో భాగిస్తే వరుసగా 10, 11.4, 4.3, 7.1, 6.4, 10.7 వస్తాయి. ముందు పూర్ణాంకాలను మాత్రమే తీసుకుంటే 48 మార్కులు అవుతాయి. మిగిలిన రెండింటిలో ఒకటి పెద్ద భిన్నం ఉన్న త్రిభుజాలకు వెళుతుంది. రెండవ దానికి బహుపదులు, రేఖలు–కోణాలు సమానంగా పోటీ పడతాయి. అలాంటప్పుడు నేను చిన్న అధ్యాయానికి ఇస్తాను, ఎందుకంటే పెద్ద అధ్యాయానికి ఒక మార్కు తగ్గినా పెద్దగా తెలియదు. ఆ విధంగా 10, 11, 4, 7, 7, 11 వస్తాయి.

ఇక్కడ పీరియడ్లు అంటే వార్షిక ప్రణాళికలో రాసుకున్నవి కావు, తరగతిలో నిజంగా జరిగినవి. మన తీరంలో ఒక అల్పపీడనం వస్తే రెండు మూడు రోజులు బడికి సెలవు ఇస్తారు, చివరి అధ్యాయం పరుగుల మీద ముగుస్తుంది. ప్రణాళికలో త్రిభుజాలకు 15 పీరియడ్లు ఉండి తరగతిలో తొమ్మిదే జరిగితే, పేపరులో 11 మార్కులు ఉంచడం న్యాయం కాదు. అలాగని పీరియడ్లనే గుడ్డిగా నమ్మకూడదు. పిల్లలకు అర్థం కాలేదని ఒకే పాఠ్యాంశాన్ని మూడు రోజులు మళ్లీ చెప్పి ఉంటే, ఆ మూడు రోజులకూ మార్కులు పెంచనవసరం లేదు. పాఠం డైరీ ముందు పెట్టుకుని ఒక్కసారి చూస్తే ఇలాంటివి బయటపడతాయి.

తరువాత ప్రశ్నల రూపం. 1 మార్కు ప్రశ్నలు ఎనిమిది, 2 మార్కులవి ఐదు, 4 మార్కులవి నాలుగు, 8 మార్కులవి రెండు అనుకుంటే 8 + 10 + 16 + 16 = 50. మార్కులను ఎంతకైనా కోయవచ్చు గాని ప్రశ్నలను అలా కోయలేం, అందుకే ముందు పెద్ద ప్రశ్నలకు చోటు చూడాలి. 8 మార్కుల ప్రశ్నను తట్టుకోగలిగినవి మూడే అధ్యాయాలు. నేను బహుపదులకు ఒకటి, త్రిభుజాలకు ఒకటి ఇచ్చాను. అప్పుడు ఆ రెండింటిలో మూడేసి మార్కులు మిగులుతాయి, అవి ఒక 2, ఒక 1 ప్రశ్నలుగా సరిపోతాయి. సంఖ్యా వ్యవస్థలో 4, 2, 2, 1, 1. రేఖీయ సమీకరణాల్లో 4, 2, 1. రేఖలు–కోణాల్లో 4, 1, 1, 1. నిరూపక రేఖాగణితంలో ఒకే ఒక్క 4 మార్కుల ప్రశ్న. చివరిది నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, ఎందుకంటే ఒక బిందువును తప్పు పాదంలో గుర్తించిన పిల్లవాడికి ఆ అధ్యాయం మొత్తం పోయే ప్రమాదం ఉంది. అందువల్ల దాన్ని ఒకదానిపై ఒకటి ఆధారపడని చిన్న భాగాలుగా అడగాలి.

ఇక స్థాయిలు. బీఈడీలో నేర్చుకున్న జ్ఞానం, అవగాహన, వినియోగం, విశ్లేషణ అనే నాలుగు ఈ పేపరుకు చాలు. బ్లూమ్ 1956లో ఇచ్చిన వర్గీకరణలోనూ, 2001లో సవరించిన రూపంలోనూ ఆరేసి స్థాయిలు ఉన్నాయి గాని, ఆరు అధ్యాయాలకు ఆరు స్థాయిలు పెడితే 36 గళ్లు వస్తాయి, మీ దగ్గర ఉన్నవి 19 ప్రశ్నలు. మన రాష్ట్రంలో వాడుకలో ఉన్న విద్యా ప్రమాణాలు, అంటే సమస్యా సాధన, కారణాలు చెప్పడం–నిరూపణ, వ్యక్తపరచడం వంటివి, మరొక కోణం నుంచి చేసిన విభజన. మీ పాఠశాల వాటినే అడిగితే వాటితోనే పట్టిక వేయండి, కానీ రెండింటినీ ఒకే వరుసలో కలపకండి. సమస్యా సాధన అనే ప్రశ్న జ్ఞాన స్థాయిలోనూ ఉండవచ్చు, విశ్లేషణ స్థాయిలోనూ ఉండవచ్చు.

స్థాయిలకు నేను 10, 15, 15, 10 తీసుకున్నాను. పట్టిక ఇలా వచ్చింది:

| అధ్యాయం | జ్ఞానం | అవగాహన | వినియోగం | విశ్లేషణ | మొత్తం |
|---|---|---|---|---|---|
| సంఖ్యా వ్యవస్థ | 2 | 3 | 3 | 2 | 10 |
| బహుపదులు | 2 | 3 | 4 | 2 | 11 |
| నిరూపక రేఖాగణితం | 1 | 1 | 2 | – | 4 |
| రేఖీయ సమీకరణాలు | 1 | 2 | 3 | 1 | 7 |
| రేఖలు–కోణాలు | 2 | 3 | 1 | 1 | 7 |
| త్రిభుజాలు | 2 | 3 | 2 | 4 | 11 |
| మొత్తం | 10 | 15 | 15 | 10 | 50 |

విశ్లేషణ నిలువు వరుసను పైనుంచి కిందికి చదవండి. త్రిభుజాలకు కొంచెం ఎక్కువ ఉన్నా, అంకగణితం, బీజగణితం వైపు ఐదు మార్కులు ఉన్నాయి. చిన్న అధ్యాయంలో ఒక గడి ఖాళీగా ఉంటే ఫరవాలేదు. ఒక పెద్ద అధ్యాయపు అడ్డు వరుసలో విశ్లేషణ పూర్తిగా ఖాళీగా ఉంటే మాత్రం అక్కడ పేపరు ఒరిగినట్టే.

ఈ పట్టికలో 1, 3 వంటి అంకెలు చూసి, 4 మార్కుల ప్రశ్నతో వీటిని ఎలా నింపుతామని మీకు సందేహం రావచ్చు. ప్రశ్న మొత్తానికి ఒకే స్థాయి అని ముద్ర వేయడం వల్లనే ఆ చిక్కు వస్తుంది. 4 మార్కులు, 8 మార్కుల ప్రశ్నల్లో స్థాయి భాగానికి భాగానికీ మారుతుంది కాబట్టి, స్థాయిని భాగాలకే రాయాలి. త్రిభుజాల 8 మార్కుల ప్రశ్నను చూద్దాం.

త్రిభుజం ABC లో AB = AC. B నుంచి C వైపు వరుసగా D, E బిందువులు BC మీద ఉన్నాయి. BD = CE అయితే AD = AE అని చూపమనడం పాఠ్యపుస్తకాల్లో, నోట్సుల్లో బాగా నలిగిన రకం. మీరు దాన్ని బోర్డు మీద చేయించి ఉంటే, అది చూడటానికి ఎంత నిరూపణలా ఉన్నా మీ తరగతికి జ్ఞాన స్థాయే. కనుక దానికి 2 మార్కులే ఇచ్చాను. దానికి ముందు, మాటల్లో ఇచ్చిన సమాచారాన్ని పటంగా గీసి సమాన భాగాలను గుర్తించమని 2 మార్కులు, ఇది అవగాహన. మిగిలిన 4 మార్కులకు దత్తాంశాన్ని తిరగేశాను: ఇప్పుడు BD = CE అని ఇవ్వలేదు, AD = AE అని మాత్రమే ఇచ్చారు, అప్పుడు BD = CE అవుతుందా, కారణాలతో రాయండి. ఇక్కడ బట్టీ పట్టిన భు.కో.భు. నియమం పనికిరాదు. త్రిభుజం ADE సమద్విబాహువు అని ముందు గమనించాలి, దాని వల్ల ADE, AED కోణాలు సమానమని, వాటి సంపూరక కోణాలైన ADB, AEC కూడా సమానమని తెలుసుకోవాలి, అప్పుడు ABD, ACE త్రిభుజాల్లో రెండు కోణాలు, ఒక భుజం దొరుకుతాయి. నోట్సు దించేవాడు ఇక్కడ భు.కో.భు. అనే రాస్తాడు, ఆలోచించినవాడు పటం మీద కోణాలు గుర్తించుకుంటాడు. జవాబు పత్రంలో ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ ప్రశ్నలో జ్ఞానం 2, అవగాహన 2, విశ్లేషణ 4 అయ్యాయి. త్రిభుజాల వరుసలో మిగిలిన వినియోగం 2 ఒక 2 మార్కుల ప్రశ్నకు, అవగాహన 1 ఒక మార్కు ప్రశ్నకు సరిగ్గా సరిపోయాయి.

బహుపదుల్లోనూ ఇదే పద్ధతి. p(x) = x³ − 2x² − 5x + 6 తీసుకోండి. మొదట p(1) కనుక్కుని, దాన్ని బట్టి (x − 1) గురించి ఏం చెప్పవచ్చో రాయమంటే 2 మార్కులు, అవగాహన. పూర్తిగా కారణాంకాలుగా విభజించమంటే (x − 1)(x + 2)(x − 3) వస్తుంది, 4 మార్కులు, వినియోగం. చివరగా, 1, −2, 3 కాకుండా మరే విలువకైనా ఈ బహుపది సున్న అవుతుందా, ఎందుకు అని అడిగితే 2 మార్కులు, విశ్లేషణ. మూడు కారణాంకాల లబ్ధం సున్న కావాలంటే వాటిలో ఏదో ఒకటి సున్న కావాలి గనుక మరో విలువ ఉండదని పిల్లవాడు తన మాటల్లో చెప్పాలి. చాలామంది "ఘన బహుపదికి మూడే శూన్యాలు ఉంటాయి" అని ఒక వాక్యం రాసి వదిలేస్తారు. ఆ వాక్యం మీరు తరగతిలో చెప్పినదే అయితే దానికి ఒక మార్కుకు మించి ఇవ్వకూడదని దిద్దుబాటు సూచనల్లో ముందే రాసుకోవాలి, లేకపోతే దిద్దే దశలో విశ్లేషణ మళ్లీ జ్ఞానంగా మారిపోతుంది.

రేఖీయ సమీకరణాల్లో విశ్లేషణకు ఒకే మార్కు ఉంది, అది చాలు. ఆటోకు ముందుగా 30 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 15 రూపాయలు చొప్పున తీసుకుంటాడని అనుకుని సమీకరణం రాసి, రెండు సాధనలు కనుక్కుని, గ్రాఫు గీయమంటే మూడు మార్కుల వినియోగం. y = 15x + 30 రేఖను ఎడమకు పొడిగిస్తే (−2, 0) గుండా వెళుతుంది, ఆ బిందువుకు ఆటో కిరాయి విషయంలో ఏమైనా అర్థం ఉందా అని నాలుగవ మార్కుకు అడగండి. ఒక వాక్యంలో జవాబు వచ్చే ప్రశ్నే, కానీ గ్రాఫును యాంత్రికంగా గీసినవాడు అక్కడ ఆగిపోతాడు.

ఒక మాట మధ్యలో చెప్పాలి. కష్టం, స్థాయి ఒకటి కావు. హారంలో మూడు కరణులున్న భిన్నానికి హారాన్ని అకరణీయం చేయమంటే పిల్లలు చెమటలు కక్కుతారు, కానీ అది తెలిసిన పద్ధతిని ఎక్కువ సేపు చేయడమే. రెండు కరణీయ సంఖ్యల మొత్తం ఎప్పుడూ కరణీయమేనా అనే ప్రశ్న అంకెల పరంగా చాలా తేలిక. (2 + √3), (2 − √3) అనే ఉదాహరణ తట్టితే రెండు నిమిషాల పని, అయినా ఆ ఉదాహరణను ముందు చూడని తరగతికి అది విశ్లేషణే. సంఖ్యా వ్యవస్థలోని ఆ రెండు మార్కులను నేను దీనికే వాడతాను.

మీ పాఠశాలలో తొమ్మిదో తరగతికి రెండు సెక్షన్లు ఉండి ఇద్దరు టీచర్లు చెబుతుంటే ఇక్కడే పేచీ వస్తుంది. ఒకే ప్రశ్న ఏ సెక్షన్లో బోర్డు మీద చేశారో అక్కడ జ్ఞానం, చేయని చోట విశ్లేషణ. దీన్ని పట్టుకోవడానికి స్థాయిలు రాయని పేపరును రెండవ టీచరుకు ఇచ్చి, వారి తరగతిని దృష్టిలో పెట్టుకుని ప్రతి భాగానికీ స్థాయి రాయమని అడగండి. మీ ఇద్దరి రాతలూ ఎక్కడ కలవలేదో అక్కడ ఆ రకం లెక్కను రెండు సెక్షన్లలోనూ చేయించారా అని నోట్సులు చూసి తేల్చుకోండి. ఒక్క సెక్షన్లోనే చేయించి ఉంటే ఆ ప్రశ్నను మార్చడమే మంచిది.

8 మార్కుల ప్రశ్నలకు "లేదా" అని ఎంపిక ఇస్తారు కదా, ఆ రెండు ప్రశ్నలూ ఒకే అధ్యాయం నుంచి, భాగాల వారీగా అవే స్థాయిలతో ఉండాలి. బహుపదులు లేదా త్రిభుజాలు అని ఎంపిక ఇస్తే ఒక పిల్లవాడు బహుపదులకు 19 మార్కులూ త్రిభుజాలకు మూడే మార్కులూ రాస్తాడు, మరొకడు దానికి తలకిందులుగా రాస్తాడు. ఇద్దరూ రాసింది ఒక పరీక్ష కాదు, మీ పట్టిక ఆ ఇద్దరిలో ఎవరికీ వర్తించదు.

పేపరు తయారయ్యాక జవాబులన్నీ, పటాలూ గ్రాఫుతో సహా, మీరే గడియారం పెట్టుకుని రాయండి. ప్రశ్నపత్రం చదువుకోవడానికి, చివర్లో సరిచూసుకోవడానికి పదిహేను నిమిషాలు తీసేస్తే పిల్లలకు ఉండేది 105 నిమిషాలు. మీకు పట్టిన సమయానికి మూడు రెట్లు వారికి పడుతుందని నేను లెక్క వేసుకుంటాను. అంటే మీకు 35 నిమిషాలు దాటకూడదు. దాటితే మార్కులు తగ్గించకండి, వినియోగం ప్రశ్నల్లో అంకెలను తేలిక చేయండి. సమయం చాలకపోతే పిల్లలు వదిలేసేది చివరి భాగాలనే, విశ్లేషణ మార్కులు దాదాపు అన్నీ ఉండేది ఆ చివరి భాగాల్లోనే.

పరీక్ష అయ్యాక బ్లూప్రింటును బీరువాలో పెట్టేయకుండా, రెండు సెక్షన్ల నుంచీ ఎక్కువ, మధ్యస్థం, తక్కువ మార్కులు వచ్చిన వాళ్లవి కలిపి ఒక 20 జవాబు పత్రాలు తీసి, భాగాల వారీగా సగటు వేయండి. త్రిభుజాల ప్రశ్నలో తిరగేసిన భాగానికి వచ్చిన సగటు శాతం, బోర్డు మీద చేసిన భాగం సగటుతో సమానంగా ఉంటే, ఆ లెక్కను ఎవరో ట్యూషన్లో చేయించి ఉండాలి, వచ్చే ఏడాది దాన్ని విశ్లేషణ గడిలో ఉంచకండి. సగటు తక్కువగా ఉంటే తొందరపడి పిల్లలను అనకుండా, ఆ భాగాన్ని ఎంతమంది అసలు మొదలే పెట్టలేదో విడిగా లెక్కపెట్టండి. ఖాళీగా వదిలినవాళ్లే ఎక్కువగా ఉంటే తప్పు సమయం లెక్కలో ఉంది, భు.కో.భు. రాసినవాళ్లు ఎక్కువగా ఉంటే ఆ నిరూపణను మనం తరగతిలో చెప్పిన తీరులో ఉంది.